కొత్త ప్రిన్సిపాల్‌కి స్టాఫ్ తరఫున అభినందన: ‘మా స్కూలు’ అనాలా, ‘మన స్కూలు’ అనాలా?

ప్రశ్న: కోనసీమలో ఒక గురుకుల పాఠశాలలో ఇంగ్లీష్ టీచర్‌ని. వచ్చే సోమవారం మాకు కొత్త ప్రిన్సిపాల్ మేడమ్ జాయిన్ అవుతున్నారు. పీజీటీ నుంచి ప్రమోషన్, ప్రిన్సిపాల్‌గా ఇదే మొదటి పోస్టింగ్. టీచర్లందరి తరఫున అభినందన లేఖ రాసి, రెండు నిమిషాలు మాట్లాడే పని నా మీద పెట్టారు. ఎనిమిది నెలలుగా ఇన్‌చార్జిగా ఉన్న సీనియర్ సార్ కూడా అక్కడే ఉంటారు, ఆయన మేడమ్ కంటే పెద్దవారు. భజన చేసినట్టు ఉండకూడదు, డిమాండ్లు పెట్టినట్టూ ఉండకూడదు. ఎలా రాయాలి?

జవాబు:

నేను తెలుగు మాస్టారిగా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఏ స్కూల్లో ఉన్నా ఇలాంటి కాగితం రాసే పని తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చేది. తెలుగు మాస్టారికి ఇంకేం పనుంటుందని అందరి నమ్మకం. తొమ్మిదో పదో రాసి ఉంటాను. వాటిలో ఒకటి ఎంత తప్పుగా రాశానో ముందు చెబుతాను, మీ పరిస్థితి దానికి దగ్గరగా ఉంది.

అప్పుడూ ఇలాగే ఏడాది పాటు ఇన్‌చార్జి పాలన నడిచాక కొత్త హెడ్మాస్టర్ వచ్చారు. నేను ఉత్సాహంగా ‘నాయకత్వం లేక చుక్కాని లేని నావలా ఉన్న మా పాఠశాలకు మీ రాక’ అని మొదలుపెట్టాను. గోదారి జిల్లా కదా, నావ అంటే బాగుంటుందనుకున్నాను. ముందు వరసలో ఇన్‌చార్జి సార్ కూర్చుని ఉన్నారు. ఏడాదిగా రోజూ రాత్రి ఏడింటి దాకా ఉండి బిల్లులు చేసిన మనిషి. నేను చదువుతుంటే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. లేఖ అయ్యేదాకా తుడుస్తూనే ఉన్నారు. ఆ తర్వాత మూడు నెలలు నాతో పని ఉంటే అటెండర్‌తో కబురు పెట్టేవారు. కొత్త హెచ్.ఎం. గారికి కూడా ఆ వాక్యం మేలు చేయలేదు. స్కూల్లో ఎవరు ఎవరి మీద కత్తులు నూరుతున్నారోనని మొదటి రోజే ఆయనకు అనుమానం వచ్చింది.

కాబట్టి ముందుగా రాయాల్సింది మేడమ్ గురించి కాదు, సార్ గురించి. ఒక్క వాక్యం, మహా అయితే రెండు. అందులో విశేషణాలు వద్దు, జరిగిన పని ఒకటి ఉండాలి. ‘అంకితభావంతో సేవలందించారు’ అంటే అది రిటైర్మెంట్ సభ మాట, ఆయన్ని సాగనంపినట్టు ఉంటుంది. ఆయన ఎక్కడికీ పోవడం లేదు, మళ్లీ మీతోపాటే స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటారు. ‘ఈ ఎనిమిది నెలలు సార్ ఇన్‌చార్జిగా ఉన్నారు, పదో తరగతి పిల్లల మార్చి పరీక్షలు ఆయన చేతుల మీదుగా జరిగాయి’ అంటే చాలు. నిజం కనుక ఆయనకు గౌరవం, సమాచారం కనుక మేడమ్‌కి ఉపయోగం. ఆ వాక్యాన్ని సోమవారం కంటే ముందు సార్‌కి ఒకసారి చూపించండి. సాధారణంగా ‘నా పేరెందుకమ్మా’ అంటారు, కానీ తీసేయమనరు. వీలైతే బొకే ఆయన చేతే ఇప్పించండి. దానికి ఎవరూ అర్థాలు వెతకక్కర్లేదు, చార్జ్ అప్పగించేది ఆయనే కదా.

ఇక మాట దగ్గరికి వద్దాం. ‘అభినందనలు’, ‘శుభాకాంక్షలు’, ‘స్వాగతం’ మూడూ ఒకటే అన్నట్టు వాడేస్తాం, కానీ కావు. సాధించినదానికి అభినందన, జరగబోయేదానికి శుభాకాంక్ష, వచ్చినవారికి స్వాగతం. బదిలీ మీద ఇంకో స్కూలు నుంచి అదే హోదాలో వస్తే ‘అభినందనలు’ అనడం కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది, దేనికని అడిగితే మన దగ్గర జవాబుండదు. మీ మేడమ్‌కి ఇది ప్రమోషన్, మొదటి పోస్టింగ్, కాబట్టి అభినందనే సరైన మాట. అయితే ప్రమోషన్‌ని పట్టుకుని ‘అర్హతకు తగిన పదవి వరించింది’ లాంటివి రాయకండి. ఆ గదిలో అదే ప్రమోషన్ కోసం సీనియారిటీ లిస్టులో ఎదురుచూస్తున్నవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ‘ప్రిన్సిపాల్‌గా నియమితులైన సందర్భంగా’ అనండి, అందరికీ సరిపోతుంది. ‘ఆశీస్సులు’ అనే మాట మాత్రం అసలు రానివ్వకండి. మీలో పెద్దవాళ్లున్నా, అది ఇంట్లో మాట.

ఇప్పుడు అసలు సంగతి. నా దృష్టిలో ఈ లేఖ బాగుండటం, పాడవటం అంతా రెండు చిన్న మాటల మీద ఉంటుంది: ‘మా’, ‘మన’. వినేవాళ్లను కలుపుకుంటే మన, వదిలేస్తే మా. మాట్లాడేటప్పుడు ఎవరికీ పొరపాటు రాదు, చిన్నపిల్లలకు కూడా రాదు. కానీ కాగితం మీద పెన్ను పెట్టగానే అందరూ ‘మా పాఠశాలకు విచ్చేసిన మీకు సుస్వాగతం’ అని రాసేస్తారు. అది పెళ్లిపందిరి దగ్గర పన్నీరు చల్లే మాట. భోజనం చేసి వెళ్లిపోయే అతిథికి సరిపోతుంది. ఆ స్కూలు బాధ్యత నెత్తిన పెట్టుకోవడానికి వచ్చిన మనిషితో ‘ఇది మాది, మీరు బయటివారు’ అన్నట్టే. మేడమ్ ఆ క్షణంలో దాన్ని అలా విడదీసి ఆలోచించకపోవచ్చు, కానీ దూరం మాత్రం తెలుస్తుంది.

మరి అన్నిచోట్లా ‘మన’ పెట్టేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. ‘మనం ఈ ఏడాది ఫలితాలు పెంచుదాం’ అని టీచర్ అంటే, ప్రిన్సిపాల్ అనాల్సిన మాట మనం అన్నట్టవుతుంది. పనులు, నిర్ణయాలు వచ్చినచోట ‘మేము’ అనాలి, ఎందుకంటే మీరు మాట ఇవ్వగలిగింది మీ తరఫున మాత్రమే. స్కూలు, పిల్లలు, ఊరు వచ్చినచోట ‘మన’. ‘మన పాఠశాల’, ‘మన పిల్లలు’, ‘మేము చేస్తాం’, ‘మీరు చెప్పిన తీరులో’. ఈ నాలుగూ ఎక్కడెక్కడ పడ్డాయో రాశాక పెన్సిల్‌తో గీత పెట్టి చూసుకోండి. మర్యాద, ఆశ రెండూ వాటిలోనే సర్దుకుంటాయి, పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు.

పెద్ద మాటలంటే గుర్తొచ్చింది, మన వైపు ఇంకో ప్రమాదం ఉంది. వెటకారం. ఇతర జిల్లాల్లో పొగడ్త ఎక్కువైతే భజన అనుకుంటారు, మన దగ్గర ఎక్కువైతే ఎత్తిపొడుపు అనుకుంటారు. మా స్కూల్లో ఒకాయన కొత్తగా వచ్చిన హెచ్.ఎం. గారిని కాటన్ దొరతో పోల్చారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ డెల్టా పచ్చబడింది, మీరొచ్చాక మా బడి అలాగే అవుతుందని. ఆయన నిజంగానే మనస్ఫూర్తిగా అన్నారు. వెనక వరసలో మాత్రం ఎవరో ‘అయితే కాలవ ఎప్పుడు తవ్వుతారండీ’ అన్నారు, చిన్నగానే అన్నా అందరికీ వినబడింది. ఆ హెచ్.ఎం. గారు ఉన్నన్నాళ్లూ స్టాఫ్ రూమ్‌లో ఆయన పేరు ఆనకట్ట. కాబట్టి పోలికలు వద్దు. ఇంకా చేరని మనిషిలో సుగుణాలు మీకెలా తెలుసని ఎవరైనా అడగ్గలిగిన వాక్యం ఏదీ ఉంచకండి. ‘చిన్న వయసులోనే’ వద్దు, సార్ పక్కనే ఉన్నప్పుడు అసలే వద్దు. మేడమ్‌ది ఈ ప్రాంతమే అయితే ‘మా గోదావరి ఆడపడుచు’ అనాలని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. మగ ప్రిన్సిపాల్ వస్తే ‘మా గోదావరి అల్లుడు’ అనం కదా. అదీ వదిలేయండి. వేరే జిల్లా నుంచి వస్తుంటే గోదారి నీళ్ల మీద జోకులు కూడా ఆ రోజుకి ఆపితే మంచిది.

పొగడ్త తీసేశాక ఏం మిగులుతుందని మీకు టెన్షన్ రావచ్చు. మీ స్కూలు మిగులుతుంది. మేడమ్‌కి ఆ రోజు తెలియనిది, మీకు బాగా తెలిసినది అదే. మీ ప్రశ్నలో లేదు గానీ, కోనసీమ అన్నారు కనుక ఊహిస్తాను. 2022 జులై వరదలో లంక గ్రామాల వాళ్లను స్కూళ్లలోకి చేర్చారు, మీ బడి కూడా పునరావాస కేంద్రమై ఉండొచ్చు. మీ పిల్లల్లో లంకల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, గోదారి పెరిగిందని తెలిస్తే ఇంటి మీద బెంగతో వాళ్లు ఆ వారం పుస్తకం ముట్టరు. వానాకాలంలో పోయిన పీరియడ్లను మీరు ఆదివారాలు స్టడీ అవర్లలో పూడుస్తూ ఉంటారు. ఇలాంటిది ఒక్కటి ఎంచుకోండి, మీ బడిలో నిజంగా జరిగినది. ఒక్కటే. రెండోది పెడితే సమస్యల చిట్టాలా కనబడటం మొదలవుతుంది.

ఆశ అనేది ఇక్కడే చెప్పాలి. చాలామంది ‘మీ నాయకత్వంలో మన పాఠశాల జిల్లాలోనే ప్రథమ స్థానంలో నిలుస్తుందని ఆశిస్తున్నాం’ అని రాస్తారు. వినడానికి నిండుగా ఉంటుంది, కానీ భారమంతా ఆమె మీద పెట్టి మీరు ప్రేక్షకుల్లో కూర్చున్నట్టు ఉంటుంది. పైగా ‘మీరు ఫలానాది చేస్తారని ఆశిస్తున్నాం’ అనే వాక్యం మర్యాద ముసుగు వేసుకున్న డిమాండే. దాన్ని తిప్పండి. ముందు మీరు చేస్తున్నది చెప్పండి, తర్వాత చేయాలనుకుంటున్నది చెప్పండి, ఎలా చేయాలన్నది ఆమెకు వదలండి. ‘పోయిన పాఠాలను ఆదివారాల్లో చెప్పడం మాకు అలవాటే. ఈసారి వానలకు ముందే దానికొక పట్టిక వేసుకోవాలని ఉంది. మీరు చెప్పిన తీరులో వేసుకుంటాం.’ చూడండి, ఇందులో ఆశ అనే మాటే లేదు, కానీ ఉంది.

ఇన్వర్టర్ లేదనో, స్టాఫ్ క్వార్టర్స్ కారుతున్నాయనో ఎవరైనా ‘మొదటి రోజే చెవిలో వేస్తే మంచిది’ అంటారు. ఒప్పుకోకండి. నేను ఒకసారి లేఖ చివర టైమ్ టేబుల్ గురించి మెత్తగా ఒక ముక్క పెట్టాను. చదవడం అవగానే ఆ వచ్చినాయన నవ్వుతూనే ‘ముందు కుర్చీలో కూర్చోనివ్వండి మాస్టారూ’ అన్నారు. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాల్సి వచ్చింది. ఆ టైమ్ టేబుల్ సంగతి మళ్లీ ఎత్తడానికి దసరా సెలవుల దాకా మొహం చెల్లలేదు. అవసరాలకు మొదటి స్టాఫ్ మీటింగ్ ఉంది, అక్కడ మినిట్స్ బుక్‌లో ఎక్కితేనే వాటికి విలువ.

నా పద్ధతిలో మీ లేఖ ఇలా ఉంటుంది. ఖాళీలు మీరు నింపుకోండి, వరద వాక్యం మీ బడికి నిజం కాకపోతే నిజమైనది పెట్టుకోండి.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ శ్రీమతి … గారికి,

మన పాఠశాల ప్రిన్సిపాల్‌గా నియమితులై ఈ రోజు బాధ్యతలు స్వీకరించిన మీకు బోధన సిబ్బంది తరఫున హృదయపూర్వక అభినందనలు.

గత ఎనిమిది నెలలుగా శ్రీ … గారు ఇన్‌చార్జి ప్రిన్సిపాల్‌గా పాఠశాలను నడిపారు. మార్చిలో పదో తరగతి పిల్లలు ఆయన పర్యవేక్షణలోనే పరీక్షలు రాశారు. ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో, ఇంకా ఏం మిగిలిందో మీకు వివరించడానికి ఆయనతో పాటు మేమందరం సిద్ధంగా ఉన్నాం.

మన పిల్లల్లో చాలామంది లంక గ్రామాల వారు. వరద రోజుల్లో వాళ్ల మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. ఆ రోజుల్లో వెనకబడిన పాఠాలను ఆదివారాలు చెప్పి పూర్తిచేయడం మాకు అలవాటు. ఈ ఏడాది వానలు ముదరకముందే దానికొక పట్టిక తయారు చేసుకోవాలనుకుంటున్నాం. మీరు సూచించిన విధంగా దాన్ని అమలు చేస్తాం.

తరగతి గదిలో మా పని మేము శ్రద్ధగా చేస్తామని, మీ నిర్ణయాలకు తోడుగా ఉంటామని, ఎక్కడైనా సందేహం ఉంటే మీ గదికి వచ్చి మీతోనే చెబుతామని మాట ఇస్తున్నాం.

మీ పదవీకాలం మీకు, మన పిల్లలకు సంతోషంగా సాగాలని కోరుకుంటూ,

బోధన సిబ్బంది

‘మీ గదికి వచ్చి మీతోనే చెబుతాం’ అన్నది నేను కావాలని పెట్టాను. చేరేవారికి పెద్ద భయం స్టాఫ్ రూమ్‌లో వెనక జరిగే మాటల గురించే. ఆ ఒక్క హామీ పది విశేషణాల కంటే ఎక్కువ పనిచేస్తుంది. మీ స్టాఫ్ దానికి నిలబడరు అనుకుంటే మాత్రం ఆ ముక్క తీసేయండి.

‘తమరు’, ‘పూజ్యులు’, ‘పాదపద్మాలు’ లాంటివి లేఖలో లేవని ఎవరైనా అడిగితే ‘గారు’, ‘మీరు’ చాలని చెప్పండి. పేరు తర్వాత డిగ్రీలు రాయాలంటే సరిగ్గా కనుక్కుని రాయండి, ఎం.ఎ. చేసినవారికి ఎం.ఎస్సీ. తగిలించిన శాలువా సభలు చూశాను.

మాట్లాడేటప్పుడు ఈ లేఖనే చదివేయకండి. లేఖ ఆమె చేతికి వెళ్తుంది, తీరిగ్గా చదువుకుంటారు. మాటల్లో ‘అభినందనలు మేడమ్’ అని మొదలుపెట్టి, సార్ గురించి ఆ ఒక్క ముక్క చెప్పి, ఒక పిల్లవాడి సంగతి చెప్పండి. పేరు వద్దు. పోయిన వానాకాలంలో రాత్రి పదింటికి వార్డెన్ గది ముందు నిలబడి ‘మా ఊళ్లోకి నీళ్లొచ్చాయా సార్’ అని అడిగిన ఏడో తరగతి పిల్లవాడు మీకూ ఒకడు ఉండే ఉంటాడు. ‘వీళ్లే మన పిల్లలు మేడమ్. వీళ్ల కోసం మీరు ఏ పని చెప్పినా చేయడానికి మేమున్నాం’ అని కూర్చోండి. రెండొందల మాటలు దాటకుండా చూసుకుంటే ఆగి ఆగి చెప్పినా రెండు నిమిషాల చిల్లరలో అయిపోతుంది. లేఖలో గ్రాంథికం కొంచెం తగిలినా ఫర్వాలేదు, మైక్ దగ్గర మాత్రం మీరు రోజూ మాట్లాడే తెలుగే మాట్లాడండి. ఇంగ్లీష్ టీచర్ కదా అని ఇంగ్లీష్‌లో చెప్పమంటారేమో, వంట సిబ్బంది కూడా వింటారని చెప్పండి.

వంట సిబ్బంది అంటే, లేఖ ‘బోధన సిబ్బంది తరఫున’ అని ఉంది కదా, అక్కడితోనే ఆగండి. ‘పాఠశాల సిబ్బంది యావన్మంది తరఫున’ అని పెంచితే, రేపు స్టాఫ్ నర్సు గారో కుక్ గారో ‘మమ్మల్ని అడక్కుండా మా పేరెందుకు’ అంటే తప్పు మనదే. వాళ్ల దండ వాళ్లు వేసుకుంటారు. టీచర్లలో కూడా సంతకాలకు ముందు ఒకసారి అందరికీ చదివి వినిపించండి. ఎవరైనా ఒకరు సంతకం పెట్టనంటే బతిమాలకండి, అసలు సంతకాలే లేకుండా ‘బోధన సిబ్బంది’ అని వదిలేస్తే లెక్కపెట్టేవాళ్లుండరు. సంతకాలు పెట్టేటట్టయితే వరస హాజరు పట్టీలో ఉన్నట్టే ఉంచండి. రోజూ చూసే వరస కనుక ఎవరికీ పేచీ ఉండదు.

ఇంకొకటి, రోజు. ‘జాయినింగ్ రోజే’ అని అందరూ తొందరపడతారు. మీది గురుకులం, చార్జ్ అంటే తాళంచెవులు, క్యాష్ బుక్ మాత్రమే కాదు, ప్రొవిజన్స్ కూడా. బియ్యం బస్తాలు, కందిపప్పు, నూనె స్టాక్ రిజిస్టర్‌తో సరిచూసుకోకుండా వచ్చేవారు సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా. నేను చూసిన ఒక చోట కొత్త ప్రిన్సిపాల్ పట్టుచీర మీద బియ్యం పొట్టుతో స్టోర్ రూమ్‌లో బస్తాలు లెక్కపెడుతుంటే, బయట స్టాఫ్ దండలు పట్టుకుని గంటన్నర నిలబడ్డారు. పూలు వాడిపోయాయి, మొహాలూ వాడిపోయాయి. పొద్దున్న ఆమె రిపోర్ట్ చేసేటప్పుడు బొకే ఇచ్చి ఊరుకోండి. లేఖ, మాటలు మర్నాడు ఉదయం అసెంబ్లీ అయ్యాక పదిహేను నిమిషాల్లో పెట్టుకోండి. అలా అయితే లేఖలో ‘ఈ రోజు’ తీసేయడం మర్చిపోకండి.

కానుక సంగతి మీరు అడగలేదు, కానీ చందాలు మొదలయ్యే ఉంటాయి. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఉద్యోగులు తీసుకునే బహుమతుల గురించీ సన్మానాల గురించీ కూడా చెబుతుంది. కింద పనిచేసేవాళ్లు చందాలేసుకుని పై అధికారికి వెండి కుందులు ఇవ్వడం ఆమెనే ఇరుకున పెడుతుంది, అదీ మొదటి పోస్టింగ్‌లో. కడియం నర్సరీ నుంచి ఒక మొక్క తెప్పించి ఆమె చేత ఆవరణలో నాటించండి. ఆత్రేయపురం పూతరేకులు అయితే టీతో పాటు అందరికీ పంచండి, ఆమె ఒక్కరికే డబ్బా కట్టి ఇవ్వకండి.

ఫోటోలు ఆమెకు చూపించకుండా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దని కుర్ర టీచర్లకు ముందే చెప్పి ఉంచండి. సోమవారం వర్జ్యం, దుర్ముహూర్తం ఎప్పుడో పంచాంగంలో ఒకసారి చూసుకోండి. మేడమ్‌కి పట్టింపు ఉందో లేదో గానీ, హాల్లో నలుగురికి తప్పకుండా ఉంటుంది, మీరు మైక్ పట్టుకున్నాక వాళ్లు గడియారం చూస్తూ కూర్చుంటారు.